పదకొండేళ్ల కోడింగ్ తర్వాత ప్రొడక్ట్ వైపు: ఆ ఒక్క పేజీ ఎలా రాయాలి?

“ప్రొడక్ట్ మేనేజ్‌మెంట్‌లో నాకు నేరుగా అనుభవం లేకపోయినా, అవకాశం ఇస్తే నేర్చుకుంటాను.” పదేళ్లకు పైగా సాఫ్ట్‌వేర్ ఇంజినీరుగా చేసి, ప్రొడక్ట్ మేనేజర్ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టేవాళ్ల కవర్ లెటర్ చాలాసార్లు ఇలా మొదలవుతుంది. ఇంజినీరు అన్న సంగతి రెజ్యూమెలో ఎలాగూ కనిపిస్తుంది. లెటర్‌లో మొదటి వాక్యమే లోటు గురించైతే, చదివేవారు మిగతాదంతా ఆ లోటు వెతుక్కుంటూనే చదువుతారు.

ఒక వస్తువును ఎలా తయారు చేయాలో ఇంజినీరు తేలుస్తాడు. అసలు ఏది తయారు చేయాలి, ఏది ముందు, ఏది వద్దు అన్నది తేల్చాల్సింది ప్రొడక్ట్ మేనేజర్. అతని మాట వినితీరాలన్న నియమం ఎవరికీ ఉండదు. డిజైనర్లనూ ఇంజినీర్లనూ కస్టమర్ సపోర్ట్ వాళ్లనూ ఒప్పించే పని జరిపించుకోవాలి. కాబట్టి లెటర్‌లో ఉండాల్సింది కోరిక కాదు, ఇలాంటి నిర్ణయం ఇంజినీరుగా ఉన్నప్పుడే ఒకటి తీసుకున్న దాఖలా.

ఒక ఉదాహరణ అనుకుందాం. హైదరాబాద్‌లో పేమెంట్స్ యాప్ మీద పనిచేసే ఒక సీనియర్ ఇంజినీరు. యూపీఐలో డబ్బు ఖాతాలోంచి కట్ అవుతుంది, దుకాణానికి మాత్రం అందినట్టు కబురు రాదు, తెర మీద ‘పెండింగ్’ అని ఉంటుంది. ఇలాంటి డబ్బు ఎప్పట్లోగా వెనక్కి రావాలో 2019 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు నిర్దేశించింది. దుకాణానికి చేసిన చెల్లింపైతే లావాదేవీ జరిగిన రోజు తర్వాత 5 రోజుల్లోపు, మనిషికి పంపినదైతే మర్నాటికల్లా. దాటితే రోజుకు 100 రూపాయల పరిహారం. ఈ గడువు సంగతి యాప్ తెర మీద ఎక్కడా లేదు. టీమేమో బ్యాంకును ఇంకా తరచుగా అడిగి స్టేటస్ త్వరగా తెప్పించే పనిలో ఉంది. మన ఇంజినీరు సపోర్ట్ కాల్స్ విన్నాడు. జనం అడుగుతున్నవి రెండే: “నా డబ్బు ఎప్పుడొస్తుంది? ఇప్పుడు మళ్లీ కట్టాలా?”

అతని లెటర్‌లోని అసలు పేరా ఇలా ఉండాలి (రాసేది ఇంగ్లీషులోనే అయినా ఇక్కడ తెలుగులో చెప్పుకుందాం):

“పెండింగ్ చెల్లింపుల గురించి వచ్చే కాల్స్ విన్నాక, స్టేటస్ వేగం పెంచే పని వాయిదా వేసి, డబ్బు తిరిగొచ్చే ఆఖరి తేదీని తెర మీద చూపిద్దామని ప్రతిపాదించాను. బ్యాంకు ఆలస్యం చేస్తే మాట మనకొస్తుందని సపోర్ట్ టీమ్ అభ్యంతరం చెప్పింది. అందుకే మా అంచనా కాకుండా, నిబంధనలోని గడువునే చూపించాం. తేదీ దాటితే ఫిర్యాదు బటన్ అక్కడే వచ్చేలా పెట్టాం. ఇలాంటి నిర్ణయాలే నా ప్రధాన బాధ్యత కావాలని ఈ ఉద్యోగానికి దరఖాస్తు చేస్తున్నాను.”

ఇందులో సమస్య ఉంది, పక్కన పెట్టిన పని ఉంది, కాదన్నవాళ్లు ఉన్నారు, వాళ్ల మాట వల్ల మారిన నిర్ణయమూ ఉంది. నా దృష్టిలో అన్నింటికన్నా విలువైనది ఆ అభ్యంతరం. చాలామంది దాన్ని కొట్టేసి, అంతా తామే సాధించినట్టు రాస్తారు. అక్కడే లెటర్ నమ్మకం పోగొట్టుకుంటుంది. దీని తర్వాత ఫలితం ఒక్క వాక్యంలో రాయాలి: పెండింగ్ గురించిన కాల్స్ ఎంత తగ్గాయో. లెక్క చేతిలో లేకపోతే అంకె కల్పించకూడదు, ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే బయటపడుతుంది. ఏం మారిందో మాటల్లో చెబితే చాలు.

ఎందుకు మారుతున్నారన్న ప్రశ్నకు ఆ పేరాలోని ఆఖరి వాక్యమే జవాబు. “కోడింగ్ విసుగొచ్చింది” అని రాస్తే, రేపు కలిసి పనిచేయాల్సిన ఇంజినీర్లను ఇవాళే చిన్నబుచ్చినట్టు. చేయని పని ఉంటే దాచక్కర్లేదు. “ధర నిర్ణయించే పని ఇంతవరకు చేయలేదు, సపోర్ట్ ఖర్చు లెక్కలు మాత్రం చూశాను” అని చివర్లో, ‘అయినప్పటికీ’ తగిలించకుండా చెప్పేస్తే సరి.

ఇంజినీర్ల లెటర్లలో ఇంకో జబ్బు, వాడిన టెక్నాలజీల జాబితా. అది రెజ్యూమెలో ఉంటుంది. లెటర్ పూర్తయ్యాక సాఫ్ట్‌వేర్‌తో సంబంధం లేని ఇంట్లోవాళ్లకు చదివి వినిపించండి. ఎవరి ఇబ్బంది తీరిందో వాళ్లు చెప్పలేకపోతే తిరిగి రాయాలి.

లెటర్ ఒక్కటే ఉద్యోగం తెచ్చిపెట్టదు. కొన్నిచోట్ల దాన్ని తెరిచి కూడా చూడరు. మీ పని కళ్లారా చూసినవాళ్లున్న సొంత కంపెనీలోనే మారడం చాలామందికి సులువు. ముందు అక్కడ అడిగి చూడండి. ఆ అడిగే మెయిల్‌లో కూడా ఇదే పేరా రాయండి.