సగటు తీసేస్తే వచ్చే చిక్కు

ఒక కంపెనీ ఈ ఏటి ఉద్యోగుల సంఖ్య నిరుటి సంఖ్యను బట్టి ఉంటుంది. ఆ ప్రభావం ఎంతో కొలిచేటప్పుడు, కంపెనీల శాశ్వత తేడాలు అడ్డు రాకుండా ఫిక్స్‌డ్ ఎఫెక్ట్స్ పద్ధతి ప్రతి కంపెనీ సగటునూ తీసేస్తుంది. చిక్కంతా ఇక్కడే. సగటులో అన్ని ఏళ్ల కుదుపులూ కలిసి ఉంటాయి. దాన్ని తీసేయగానే నిరుటి కుదుపు ఈ ఏటి లెక్కలోకి వ్యతిరేక గుర్తుతో చేరుతుంది. అదే కుదుపు నిరుటి సంఖ్యలోనూ ఉంది కదా! అందుకే జవాబు కిందికి జారుతుంది.

1981లో స్టీఫెన్ నికెల్ ఈ లోపాన్ని లెక్కగట్టి చూపాడు. నిలకడగా సాగే శ్రేణిలో అసలు ప్రభావం 0.5 అనుకుందాం. చేతిలో మూడేళ్ల సంఖ్యలే ఉంటే జవాబు -0.25 దగ్గర తేలుతుంది. గుర్తే తారుమారు! లక్ష కంపెనీలు చేర్చినా ఇది పోదు, ఏళ్లు పెరిగితేనే తగ్గుతుంది.

అందుకే సగటు తీసేయకుండా ఏడాదికేడాది తేడాలు తీసుకుని, ముందటేడు సంఖ్య ఆధారంగా అంచనా వేస్తారు. ఒక ఏటి కుదుపు మరో ఏటికి పాకకపోతేనే అది చెల్లుతుంది.