చెవి ముందు సూదిమొనంత రంధ్రం

చంటిపిల్లకు తలంటి పోస్తున్నప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళ కంట పడుతుంది. చెవి డొప్ప పైభాగం చెంపకు అతుక్కునే చోట, దానికి కాస్త ముందు, సూది గుచ్చి తీసినట్టు చిన్న రంధ్రం. డాక్టర్లు దీన్ని ప్రీఆరిక్యులర్ సైనస్ అంటారు. గర్భంలో ఆరో వారం ప్రాంతంలో చెవి డొప్ప ఆరు చిన్న బొడిపెలుగా మొదలవుతుంది. అవి ఒకదానితో ఒకటి కలిసిపోయేటప్పుడు ఎక్కడో సందు మిగిలిపోతే ఇలా రంధ్రమై నిలుస్తుంది. కొన్ని కుటుంబాల్లో ఇది తరతరాలుగా వస్తుంది. ముఖ్యంగా రెండు చెవులకూ ఉంటే, తల్లి చెవో తండ్రి చెవో చూడండి, అక్కడా కనిపించవచ్చు. కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం చూసిందని కోడల్ని సాధించే వాళ్ళు ఈ విషయంలోనైనా ఆమెను వదిలేయాలి.

పైకి కనిపించేది మూతి మాత్రమే. లోపల సన్నటి గొట్టం చర్మం కింద కొంత దూరం వెళ్ళి, చెవి మృదులాస్థి దగ్గర ఆగిపోతుంది. ఒక్కోసారి దారిలో కొమ్మలు కూడా వేస్తుంది. చెవి లోపలికి దారి ఉండదు కాబట్టి స్నానం నీళ్ళు అందులోంచి చెవిలోకి పోతాయన్న భయం అక్కర్లేదు. గొట్టం గోడలు కూడా చర్మమే. చర్మం ఎక్కడైనా పొరలు రాల్చుతుంది. ఇక్కడ రాలినవి బయటికి పోలేక, తెల్లగా, కాస్త వాసనతో పిండిముద్దలా పేరుకుంటాయి. చాలామంది పిల్లల్లో కథ ఇంతే. జీవితాంతం ఏమీ కాదు, ఏమీ చేయనక్కర్లేదు. ఆ తెల్లటి ముద్ద కనిపించింది కదా అని గోళ్ళతో నొక్కి తీయడం మాత్రం వద్దు. నొక్కుడుకు లోపలి గొట్టం చిట్లవచ్చు, గోళ్ళ మీది క్రిములు లోపలికి చేరవచ్చు.

ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు తికమక మొదలవుతుంది. ఒక ఎనిమిదేళ్ళ పిల్లవాడి సంగతి అనుకుందాం. చెవి ముందు వాచి, ఎర్రబడి, ముట్టుకుంటే ఏడుస్తున్నాడు. దగ్గర్లోని క్లినిక్‌లో సెగగడ్డ అనుకుని కోసి చీము తీశారు. తగ్గింది. రెండు నెలలకు మళ్ళీ అదే గడ్డ, మళ్ళీ కోత. ఈసారి పుండు మానలేదు. చెమ్మ ఊరుతూ, పైన ఎర్రటి కండ పెరిగి, ఆయింట్‌మెంట్లు ఎన్ని మార్చినా అలాగే ఉంది. ఈఎన్‌టీ డాక్టరు పుండును కాక దాని పైకి, వెనక్కి చూశారు. వెంట్రుకల చాటున సూదిమొనంత రంధ్రం! గొట్టంలో పట్టిన చీము అసలు మూతి గుండా రాలేక, కొంచెం ముందుకు, చెంప వైపు చర్మాన్ని చీల్చుకుని వచ్చింది. అందుకే చెవి ముందు పుండు మానకపోతే, మందు మార్చే ముందు ఆ రంధ్రం ఉందేమో వెతకాలి.

ఆ దశలో వెంటనే ఆపరేషన్ చేయరు. వాపు మీద కోస్తే గొట్టం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలియదు. ముందు యాంటీబయాటిక్ ఇస్తారు. ఎక్కువగా చర్మం మీద ఉండే స్టెఫైలోకాకస్ క్రిమే కారణం కాబట్టి దానికి పనిచేసేదే ఎంచుకుంటారు. చీము గడ్డ కట్టి ఉంటే వీలైతే సూదితో లాగేస్తారు, కుదరకపోతే చిన్న గాటు పెడతారు. అంతా చల్లబడ్డాక, కొన్ని వారాలు ఆగి ఆపరేషన్. ఒక్కసారే ఇన్ఫెక్షన్ వచ్చి పూర్తిగా తగ్గితే వేచిచూసే డాక్టర్లూ ఉన్నారు. తిరగబెట్టినా, ఎప్పుడూ కారుతున్నా తీయించడమే మేలు. ఎందుకంటే ప్రతి ఇన్ఫెక్షనూ లోపల మచ్చకండ పెంచి తర్వాతి ఆపరేషన్‌ను కష్టం చేస్తుంది.

పిల్లలకు పూర్తి మత్తు ఇస్తారు. రంధ్రం చుట్టూ కోడిగుడ్డు ఆకారంలో కోసి, కోతను చెవి పైకి పొడిగిస్తారు. కొందరు గొట్టంలోకి నీలిరంగు ఎక్కించి దాని దారి పడతారు. గొట్టాన్ని ఒక్కదాన్నే లాగితే ఏదో ఒక కొమ్మ మిగిలిపోతుంది. అందుకని కణత కండరం మీది పొర దాకా చుట్టూ ఉన్న మెత్తటి కండను, గొట్టం అంటుకున్న చిన్న మృదులాస్థి ముక్కను కూడా కలిపి తీస్తారు. మిగిలిన ఆ కాస్త చర్మపు గోడే మళ్ళీ పొరలు రాల్చి, మళ్ళీ చీము పట్టిస్తుంది. ఇంత చేసినా చెవి ఆకారం మారదు.

రంధ్రం మామూలు చోటులో కాక చెవి కిందో, దవడ మూలనో ఉంటే అది వేరే జబ్బు కావచ్చు. ముఖం కదిలించే నరం అక్కడ దగ్గర్లోనే ఉంటుంది కాబట్టి స్కానింగు లేకుండా కత్తి పెట్టనివ్వకండి. మెడ మీద కూడా రంధ్రాలుండి, ఇంట్లో చిన్నప్పటి నుంచీ చెవుడున్న వాళ్ళుంటే పిల్లకు వినికిడి పరీక్షతో పాటు కిడ్నీల అల్ట్రాసౌండ్ చేయించాలి. ఇవేమీ లేని ఒట్టి రంధ్రానికి కిడ్నీ స్కానింగు అవసరం లేదు.

ఆపరేషన్ నిర్ణయం అయ్యాక డాక్టరును అడగాల్సింది ఒకటుంది: గొట్టం ఒక్కటే తీస్తారా, చుట్టూ కండ, మృదులాస్థి ముక్కతో కలిపి తీస్తారా అని. చెంప మీద పాత పుండు ఉంటే దాన్ని ఏం చేస్తారో కూడా అప్పుడే చెప్పించుకోండి. చాలాసార్లు మూలం పోయాక అది తనంతట తానే మానుతుంది.