ఇరవై నాలుగుకీ అరవైకీ కుదరని లెక్క

సినిమాలో కెమెరా మెల్లగా పక్కకి తిరుగుతూ ఒక కోటనో, పచ్చని పొలాలనో చూపిస్తుంది. థియేటర్లో ఆ షాట్ వెంట చూపు హాయిగా సాగిపోతుంది. అదే సినిమా ఇంట్లో ఓటీటీలో పెడితే స్తంభాలు, చెట్లు తడబడుతూ జరుగుతున్నట్టు కనిపిస్తాయి. చాలామంది నెట్ నెమ్మదిగా ఉందనుకుని రౌటర్ ఆపి మళ్ళీ వేస్తారు. నెట్ నెమ్మదిస్తే బొమ్మ మసకబారుతుంది, లేదంటే ఆగిపోయి చక్రం తిరుగుతుంది. ఈ తడబాటు అలాంటిది కాదు. సినిమా మొదటి నుంచి చివరిదాకా ఒకే వరసలో ఉంటుంది. పేర్లు పైకి వెళ్ళేటప్పుడు మరీ స్పష్టంగా తెలుస్తుంది. దీన్ని జడర్ అంటారు.

దీనికి కారణం చిన్న భాగహారం. 1920ల చివర్లో సినిమాకి మాట వచ్చినప్పటి నుంచి సెకనుకి 24 ఫ్రేములే ప్రమాణం. మన తెలుగు సినిమాలూ దాదాపు అన్నీ అంతే. టీవీ తెర మాత్రం సాధారణంగా సెకనుకి 60 సార్లు బొమ్మని మారుస్తుంది. దాన్నే 60 హెర్ట్జ్ రిఫ్రెష్ రేట్ అంటారు. 60ని 24తో భాగిస్తే రెండున్నర వస్తుంది. ఒక ఫ్రేముని రెండున్నర సార్లు చూపించే వీలు లేదు కాబట్టి ఒక ఫ్రేముని మూడుసార్లు, తర్వాతి దాన్ని రెండుసార్లు, మళ్ళీ మూడు, మళ్ళీ రెండు చొప్పున చూపిస్తారు. సాంకేతిక నిపుణులు దీన్ని త్రీ టు పుల్‌డౌన్ అంటారు.

ఒక షాట్ తీసుకుని లెక్క వేద్దాం. 55 అంగుళాల టీవీ తెర వెడల్పు సుమారు 122 సెంటీమీటర్లు. కెమెరా తిరుగుతుంటే ఒక స్తంభం ఈ చివరి నుంచి ఆ చివరికి చేరడానికి 7 సెకన్లు పట్టిందనుకోండి. ఈలోగా 168 ఫ్రేములు నడుస్తాయి, అంటే ఫ్రేముకి స్తంభం 7 మిల్లీమీటర్ల పైచిలుకు జరుగుతుంది. అసలు సినిమాలో ఆ అడుగులన్నీ సమానం, ఒక్కో ఫ్రేము సుమారు 42 మిల్లీసెకన్లు నిలుస్తుంది. 60 హెర్ట్జ్ తెర మీద స్తంభం 50 మిల్లీసెకన్లు ఆగి 7 మిల్లీమీటర్లు జరుగుతుంది, తర్వాత 33 మిల్లీసెకన్లే ఆగి మళ్ళీ అంతే జరుగుతుంది. కుంటుతూ నడిచే మనిషి అడుగుల్లా ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. ఈ జత సెకనుకి 12 సార్లు తిరిగి వస్తుంది. కంటికి అది తెలియకపోవడమంటూ ఉండదు, ఎందుకు అలా ఉందో తెలియదంతే.

థియేటర్లో ఈ గొడవ లేదు. పాత ప్రొజెక్టర్ల షట్టర్ కూడా ప్రతి ఫ్రేముని రెండేసి మూడేసి సార్లు వెలిగించేది, కానీ అన్నిటినీ సమానంగా. ఇంట్లో కావలసిందీ ఆ సమానతే. 120ని 24తో భాగిస్తే సరిగ్గా 5. కాబట్టి 120 హెర్ట్జ్ తెర ఉన్న టీవీ ప్రతి ఫ్రేముని ఐదేసి సార్లు చూపిస్తే సరిపోతుంది.

టీవీ 120 హెర్ట్జ్‌దే అయినా తడబాటు పోని ఇళ్ళు చాలా ఉన్నాయి. అక్కడ తప్పు సాధారణంగా టీవీకి తగిలించిన స్టిక్‌దో పెట్టెదో అవుతుంది. అవి మెనూ చూపించడానికి 60 హెర్ట్జ్‌లో మొదలై, సినిమా పెట్టినా అక్కడే ఉండిపోతాయి. మూడు రెండు వరస స్టిక్ లోపలే పడిపోతుంది, టీవీకి చేరేది అప్పటికే కుంటుతున్న బొమ్మ. కొన్ని టీవీలు ఆ వరసని పసిగట్టి అసలు 24 ఫ్రేములని విడదీసుకుంటాయి. సోనీలో CineMotion, ఎల్‌జీలో Real Cinema అనే సెట్టింగులు ఇందుకే. కానీ సిగ్నల్‌ని మొదట్లోనే 24లో పంపడం మేలు. ఫైర్ టీవీలో డిస్‌ప్లే సెట్టింగుల్లో Match Original Frame Rate, గూగుల్ టీవీలో Match content frame rate, యాపిల్ టీవీలో Match Content కింద Match Frame Rate, కోడీలో Adjust display refresh rate అని ఉంటాయి. ఆన్ చేశాక సినిమా మొదలయ్యేటప్పుడు తెర ఒకటి రెండు సెకన్లు నల్లబడుతుంది. టీవీ 24కి మారుతోందని అర్థం, కంగారు అక్కర్లేదు. ఏమీ నల్లబడకపోతే ఆ యాప్ ఈ సెట్టింగుని పట్టించుకోవడం లేదేమో చూడాలి.

స్టిక్‌ని 50 హెర్ట్జ్‌లో పెట్టిన ఇళ్ళలో లోపం ఇంకోలా ఉంటుంది. ఫ్రేముకి రెండేసి చొప్పున 48 అయ్యాక రెండు మిగులుతాయి. అందుకే ప్రతి పన్నెండో ఫ్రేము ఒక్కసారి ఎక్కువ కనిపించి, సెకనుకి రెండు చిన్న కుదుపులు వస్తాయి. కరెంటు 50 హెర్ట్జ్‌లో ఉండే మన దేశంలో టీవీ ప్రసారాలకి పాత ఉపాయం ఇంకొకటి: సినిమానే 25 ఫ్రేములకి పరిగెత్తించడం. అలా చేస్తే 150 నిమిషాల సినిమా 144 నిమిషాల్లో అయిపోతుంది, స్థాయి సరిచేయకపోతే పాటలు కాస్త హెచ్చు శ్రుతిలో వినిపిస్తాయి.

సరిగ్గా కుదిరిందో లేదో మీ ఫోనే చెబుతుంది. కెమెరాని స్లో మోషన్‌లో సెకనుకి 240 ఫ్రేములకి పెట్టి, చివర్లో పేర్లు పైకి వెళ్తున్నప్పుడు టీవీ తెరని కొన్ని సెకన్లు తీయండి. ఎనిమిది రెట్లు నెమ్మదించిన ఆ వీడియోలో అక్షరాలు ఒకసారి ఎక్కువసేపు, ఒకసారి తక్కువసేపు ఆగుతూ జరిగితే జడర్ ఇంకా ఉన్నట్టే. ఒక్కో ఫ్రేము లెక్కపెట్టే ఓపిక ఉంటే 12, 8, 12, 8 అని వస్తుంది. ప్రతి అడుగూ పది ఫ్రేములైతే లెక్క కుదిరినట్టు.

ఇక్కడ రెండు హద్దులు చెప్పాలి. తక్కువ ధర టీవీల తెర 60 హెర్ట్జ్‌దే. వాటిలో చాలావాటికి 24 సిగ్నల్ పంపినా లోపల మళ్ళీ అదే మూడు రెండు వరస వేసుకుంటాయి. కొన్ని మాత్రం తెరని 48కి దించి సరిచేస్తాయి, అది ఫోన్ పరీక్షలోనే తేలుతుంది. రెండోది, జడర్ పోయినా 24 ఫ్రేముల సినిమా అద్దంలా నున్నగా మారదు. వేగంగా తిరిగే షాట్ అదురుతుంది, ఓఎల్ఈడీ తెర మీద ఇంకా ఎక్కువగా, ఎందుకంటే అది ఒక ఫ్రేము నుంచి ఇంకోదానికి రెప్పపాటులో మారుతుంది. ఆ అదురు సినిమాలోనే ఉంది, దర్శకుడూ ఛాయాగ్రాహకుడూ దాన్ని చూసుకునే షాట్ తీశారు.

దాన్ని కూడా తుడిచేస్తామనే సెట్టింగు దాదాపు ప్రతి టీవీలో ఉంటుంది, మోషన్ స్మూతింగ్. అది లేని ఫ్రేములని ఊహించి మధ్యలో ఇరికిస్తుంది, సినిమా సీరియల్‌లా కనిపించేది అందుకే. 2018లో టామ్ క్రూజ్ దీన్ని ఆపేయమని ప్రేక్షకులని కోరుతూ ఒక వీడియోనే పెట్టాడు. నా మాటా అదే. 24ని 24గా చూపించడం ఒకటి, 24ని కల్పించి 60 చేయడం ఇంకొకటి. ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉంటే సినిమాలకి అదే పెట్టండి.

అంతా చేశాక కూడా నలభై సెకన్లకి ఒకసారి చిన్న కుదుపు వస్తే, అది వేరే లెక్క. చాలా సినిమాలు ఓటీటీలోనూ బ్లూరేలోనూ ఖచ్చితంగా 24 కాక 23.976 దగ్గర ఉంటాయి. వాటిని నికరంగా 24లో నడిపిస్తే సుమారు 42 సెకన్లకి ఒక ఫ్రేము తేడా వస్తుంది. పెట్టెలో రెండు ఎంపికలూ ఉంటే 23.976ని ఎంచుకోండి.

కొత్త టీవీ కొనేటప్పుడు డబ్బా మీద మోషన్ రేట్ 240 అనో 480 అనో ఉన్న అంకె చూసి మోసపోకండి. తెర అసలు రిఫ్రెష్ రేట్ ఎంత, 24 సిగ్నల్ తీసుకుని ఐదేసి సార్లు చూపిస్తుందా అని అడగండి. ఉన్న టీవీకైతే ఖరీదైన కేబుల్ అక్కర్లేదు, ఆ ఒక్క సెట్టింగు ఆన్ చేస్తే చాలు.