అక్కను లేపే ఒక్కటి తే

బడి జట్టు కోసం పాట రాయమంటే చాలామంది కలం ఒకే దారిలో వెళ్తుంది. లక్ష్యం, విజయం, సింహాలు, నిప్పు కణికలు, ఎదురులేని ధైర్యం, వెనకడుగు వేయని పాదం. పాటలోంచి జట్టు పేరు తీసేసి చూడండి. అదే పాట వాలీబాల్ జట్టుకూ సరిపోతుంది, కోచింగ్ సెంటర్ ప్రకటనకూ సరిపోతుంది. పిల్లలు దాన్ని వార్షికోత్సవం రోజు వేదిక మీద పాడతారు. మైదానంలో పన్నెండు పాయింట్లు వెనకబడ్డప్పుడు మాత్రం అది ఎవరికీ గుర్తుకు రాదు. గెలుపు మనదే అని అప్పుడు పాడాలంటే గొంతు పెగలదు.

కాబట్టి పాటకు పెట్టాల్సిన మొదటి పరీక్ష ఇది: ఓడిపోతున్న పదో నిమిషంలో కూడా ఆ మాట నిజమేనా? ఈ పరీక్షలో నిలిచే పాట ఎలా పుడుతుందో ఒక ఉదాహరణతో చూద్దాం. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల బాలికల కబడ్డీ జట్టు కోసం రాస్తున్నామనుకోండి.

ముందు ఆట వైపు చూడాలి. 'వెనకడుగు వేయం' అన్న మాట కబడ్డీలో అబద్ధం. కూతకు వెళ్లిన అమ్మాయి పని అంతా వెళ్లి తాకి వెనక్కి రావడంలోనే ఉంది. మధ్య గీత దాటి తిరిగొస్తేనే పాయింట్. అరువు తెచ్చుకున్న వీరత్వం ఆటను తెలిసినవాళ్ల ముందు ఇలా దొరికిపోతుంది.

మరి కబడ్డీకి మాత్రమే చెందిన విషయం ఏది? నా దృష్టిలో అది, అవుటైనవాళ్లు మళ్లీ ఆటలోకి రావడం. బరిలో ఏడుగురు ఉంటారు. అవుటైన అమ్మాయి గీత బయట కూర్చోవాలి. ఎదుటి జట్టులో ఒకరిని అవుట్ చేస్తే, అవుటైన వరుసలోనే మనవాళ్లలో ఒకరు లేచి లోపలికి వస్తారు. అంటే ప్రతి తాకుడూ, ప్రతి పట్టూ స్కోరు బోర్డు మీద అంకె మాత్రమే కాదు, కూర్చున్న ఒక మనిషిని లేపుతుంది. ఎంత వెనకబడితే అంతమంది కూర్చుని ఉంటారు కాబట్టి, ఓడుతున్నప్పుడే ఆ మాటకు బలం ఎక్కువ. పల్లవికి కావలసింది అదే.

ఇప్పుడు కొలత. పల్లవి ఎంత పొడవుండాలో చెప్పేది కవి ఇష్టం కాదు, ఆట గడియారం. కూత 30 సెకన్లు సాగుతుంది. ఆ సేపు కబడ్డీ కబడ్డీ అన్న మాట అంపైర్‌కు స్పష్టంగా వినపడాలి, లేకపోతే కూతే చెల్లదు. అందుకని కూత నడుస్తుండగా మద్దతుదారులు అరవడం మన అమ్మాయికే నష్టం. ఒక కూత ముగిశాక అవతలి జట్టు ఐదు సెకన్లలోగా తమ రైడర్‌ను పంపాలి. పాయింట్ వచ్చిన ఆనందంలో పిల్లలకు దొరికే ఖాళీ అంతే. పల్లవిలో ఒక్కో పాదం ఐదు సెకన్లు దాటకూడదు. టైమ్ అవుట్ 30 సెకన్లు, అందులో పల్లవి మొత్తం పట్టాలి.

పిల్లలకు బాగా అలవాటైన వేగం కవాతు వేగం, నిమిషానికి 120 అడుగులు, అంటే సెకనుకు రెండు దెబ్బలు. పాదానికి ఎనిమిది దెబ్బలు పెట్టుకుంటే నాలుగు సెకన్లు. ఐదు సెకన్ల ఖాళీలో ఇమిడిపోతుంది. అలాంటి పాదాలు నాలుగు కలిపితే పల్లవి 16 సెకన్లు.

అక్షరాల లెక్కకు తెలుగు పిరియడ్‌లో నేర్చుకున్న గురులఘువులు చాలు. పొట్టి అక్షరం ఒక మాత్ర. దీర్ఘమున్నదీ, సున్న ఉన్నదీ, ఒత్తక్షరానికి ముందున్నదీ రెండు మాత్రలు. గుంపు కలిసి పలకాలంటే దెబ్బకు రెండు మాత్రలకు మించి వేయకూడదు. అంటే పాదానికి పదహారు, నాలుగేసి మాత్రల ముక్కలు నాలుగు.

కూర్చున్నవాళ్లు లేవడం గురించి మొదట ఎవరికైనా తోచే పాదం ఇలా ఉంటుంది: 'కూర్చున్నది లేస్తుంది'. అర్థం బాగుంది. మాత్రలు పదకొండు, చివరి అక్షరాన్ని సాగదీస్తే పన్నెండు కుదురుతాయి, మిగిలిన చోట చప్పట్లు వేసుకోవచ్చు. కానీ కాలితో నేలను తడుతూ పలకండి. కూర్చు, న్నది లే, స్తుంది అని విరుగుతుంది. గట్టి దెబ్బ మాట నడుమ పడుతోంది. రాసినవాళ్లకు ఇది అందదు, ఎందుకంటే మాట ముందే తెలుసు. కొత్తగా విన్న ఆరో తరగతి పిల్ల మాత్రం తడబడుతుంది. గుంపు పాటలో ప్రతి నాలుగు మాత్రల ముక్కా కొత్త మాటతో మొదలవ్వాలి. సవరించి రాస్తే ఇలా వచ్చింది:

ఒక్కటి తే! ఒక్కటి తే!
అక్కను లేపే ఒక్కటి తే!
ఒక్కటి తే! ఒక్కటి తే!
చెల్లిని లేపే ఒక్కటి తే!

ఒక్కటి నాలుగు మాత్రలు, అక్కను నాలుగు, లేపే నాలుగు, చెల్లిని నాలుగు. తే మాత్రం రెండే. మిగిలిన రెండు మాత్రల చోట చప్పట్లు. మొదటి పాదంలో నాలుగో దెబ్బ మీదా, ఎనిమిదో దెబ్బ మీదా చప్పట్లు పడతాయి. రెండో పాదంలో ఎనిమిదో దెబ్బ మీద మాత్రమే. ఒక్క, అక్క అన్న చోట రెండో అక్షరం కలిసి ప్రాస దానంతటదే కుదిరింది. నాలుగో పాదంలో ఆ ప్రాస తప్పింది. తప్పినా చెల్లిని ఉంచడమే మంచిది, జట్టులో తొమ్మిదో తరగతి అక్కలతోపాటు ఏడో తరగతి చెల్లెళ్లూ ఉంటారు కదా.

'లేపే' అన్న మాట ఊరికే రాలేదు. కబడ్డీలో బోనస్ గీత దాటితే పాయింట్ వస్తుంది గానీ ఎవరూ లేవరు. తాకితేనో, పట్టుకుంటేనో లేస్తారు. లేపే ఒక్కటి కావాలంటే ఏ పాయింట్ కావాలో ఆడే పిల్లలకు వెంటనే తెలుస్తుంది. పాట తమ ఆటను తెలిసినవాళ్లు రాశారని నమ్మేది ఇలాంటి చోటే.

శబ్దం సంగతి కూడా చూడాలి. లక్ష్యం, విజయం, ధైర్యం, సాధిద్దాం, అన్నీ సున్నతో ముగుస్తాయి. సున్న పలికితే పెదవులు మూసుకుంటాయి. పాదం చివర, అంటే గొంతు అన్నిటికన్నా గట్టిగా తెరుచుకోవలసిన చోట, నోరు మూతపడుతుంది. మైదానం అవతలికి చేరేది హల్లు కాదు, అచ్చు. అందులోనూ ఆ, ఏ, ఓ వంటి దీర్ఘాలు. అరిగిపోయిన మాటలు వినపడని మాటలు కూడా కావడం నాకెప్పుడూ ఆశ్చర్యమే. 'తే' నోరంతా తెరిచి అరవగల మాట.

తే తర్వాతి చప్పట్లకు ఇంకో పని కూడా ఉంది. గాలిలో శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది. మైదానానికి ఇటో గుంపు, అటో గుంపు 50 మీటర్ల దూరంలో ఉంటే ఒకరి మాట ఇంకొకరికి సెకనులో ఏడో వంతు ఆలస్యంగా చేరుతుంది. మాటలు సందు లేకుండా వస్తే ఈ ఆలస్యంతో అలుక్కుపోతాయి. మాట ఆగి చప్పట్లు పడే చోట రెండు గుంపులూ మళ్లీ ఒకటవుతాయి. క్వీన్ బృందం కోసం బ్రయన్ మే రాసిన 'వి విల్ రాక్ యూ' పాట 1977లో వచ్చింది. అందులో రెండు సార్లు కాలితో తన్ని, ఒకసారి చప్పట్లు కొట్టి, ఒక దెబ్బ ఖాళీ వదులుతారు. స్టేడియాల్లో భాష తెలియనివాళ్లు కూడా తప్పకుండా పట్టుకోగలిగేది ఆ ఖాళీ వల్లే.

ఇక చరణాలు. పల్లవి అందరిదీ, చరణం నలుగురిదే. దాన్ని బాగా సాధన చేసిన నలుగురు అమ్మాయిలు పాడతారు కాబట్టి ఖాళీలు లేకుండా పదహారు మాత్రలూ నింపవచ్చు. సరుకు కోసం పిల్లల్ని 'మీ ఆశయం ఏమిటి' అని అడగవద్దు, మళ్లీ లక్ష్యం విజయం దగ్గరికే వస్తారు. ఆటలో ఒకరితో ఒకరు ఏమని కేకలేసుకుంటారు, పొద్దున మైదానంలో మొదట చేసే పని ఏమిటి, దెబ్బ తగిలితే ఏం రాసుకుంటారు అని అడగాలి. అలాంటి జవాబుల నుంచి వచ్చే చరణాలు ఇలా ఉంటాయి:

గీతకు జానెడు దూరం ఉందీ
కూతకు గుక్కెడు ఊపిరి ఉందీ
మడమను పట్టిన పిల్లకు తోడై
విడువని గొలుసే వెనకే ఉందీ

సున్నపు గీతలు పొద్దున గీసీ
మొన్నటి దెబ్బకు పసుపే రాసీ
ముగ్గురు మిగిలితె పట్టుకు రెండూ
దగ్గరి కాలును చూస్తూ ఉండూ

చేతులు పట్టుకుని నిలబడే డిఫెండర్లను చైన్ అంటారు, మొదటి చరణంలోని గొలుసు అదే. రెండో చరణంలో ముగ్గురు, రెండు అన్నది సూపర్ టాకిల్ లెక్క. బరిలో ముగ్గురో అంతకన్నా తక్కువో ఉన్నప్పుడు రైడర్‌ను పట్టుకుంటే రెండు పాయింట్లు. ఆట తెలియని తల్లిదండ్రులకు ఇది అర్థం కాకపోయినా ఫర్వాలేదు, పిల్లలు చెబుతారు. పల్లవి, చరణం, పల్లవి, చరణం, పల్లవి కలిపి ఒక నిమిషం ఇరవై సెకన్లు. మొత్తం పాట ఆటకు ముందూ, విరామంలోనూ.

బాణీ మూడు స్వరాలకు మించనక్కర్లేదు. 'ఒక్కటి' ఒకే స్వరం మీద ఉంచి 'తే' దగ్గర పైకి లేపితే చాలు. గుంపుగా అరిచేటప్పుడు శ్రుతి ఎలాగూ నిలవదు, లయ నిలుస్తుంది. డప్పు ఉంటే దెబ్బ మీద మాత్రమే వాయించాలి. మధ్యలో ముక్తాయింపులు వేస్తే చప్పట్ల చోటు పోతుంది.

సాధనలో గడియారం దగ్గర పెట్టుకోండి. ఉత్సాహం పెరిగేకొద్దీ పిల్లలు పరుగెత్తుతారు. పదహారు సెకన్ల పల్లవి పన్నెండుకే అయిపోతే చప్పట్ల ఖాళీ మింగేశారని అర్థం. కాళ్లతో దెబ్బ వేసే ఇద్దరిని ముందు నిలబెట్టి, మాటలు లేకుండా దెబ్బా చప్పట్లూ మాత్రమే చేయించి, తర్వాత మాట కలపాలి. పాట తెలియని తరగతి ముందు రెండుసార్లు పాడించి చూడండి. మూడోసారికి వాళ్లంతట వాళ్లే 'తే' అనకపోతే లోపం పాటలో ఉంది, పిల్లల్లో కాదు. మీరు మైదానం చివరికి వెళ్లి కూడా వినాలి. అక్కడికి 'అక్కను' చేరకపోయినా, 'తే'లూ చప్పట్లూ విడివిడిగా చేరితే చాలు.

పల్లవి ఏళ్ల తరబడి ఉండవచ్చు గానీ రెండో చరణాన్ని మాత్రం ఏటా తిరగరాయాలి. పదో తరగతి వాళ్లు వెళ్లిపోతారు, కొత్తవాళ్ల దెబ్బలూ కేకలూ వేరు. బడికి మ్యాట్ వచ్చిందనుకోండి, ఎవరూ పొద్దున్నే సున్నం గీయరు, ఆ పాదం నిజం కాకుండా పోతుంది. ఆ రోజు మ్యాట్‌ను పరిచి చుట్టే అమ్మాయిలనే కూర్చోబెట్టి, నాలుగేసి మాత్రల నాలుగు ముక్కలు నింపమని అడగాలి.