టౌన్‌హాల్‌లో జవాబు రాని ప్రశ్నలు

కంపెనీ టౌన్‌హాల్ గంట సేపు నడిస్తే, ముప్పాతిక వంతు పెద్దల ప్రసంగాలకే పోతుంది. మిగిలిన కాస్త సమయంలోనే ఉద్యోగుల ప్రశ్నలు. షిఫ్టులో ఉండి చూడలేకపోయినవాళ్ల కోసం ఆ రికార్డింగును ఒక పేజీ బులెటిన్‌గా కుదించే పని ఎవరో ఒకరి మీద పడుతుంది. పెద్దలు చెప్పిన సంగతులు రాయడం సులువే, స్లైడ్లలో ఎలాగూ ఉంటాయి. చెప్పకుండా వదిలేసినవి పట్టుకోవడమే కష్టం.

అందుకని ముందు ప్రశ్నల భాగం వినాలి. ప్రశ్న రాగానే రికార్డింగు ఆపి, జవాబులో ఏం ఉండాలో రాసుకోవాలి: తేదీయా, అంకెయా, అవునో కాదో చెబితే చాలా? జవాబు విన్నాక రాసుకుంటే లాభం లేదు. ధారాళంగా మాట్లాడేవాళ్లు అడిగిందేమిటో మనమే మరిచిపోయేలా చేస్తారు.

ఇలాంటి ప్రశ్న ఒకటి వచ్చిందనుకుందాం: "ఏప్రిల్ నుంచి వారానికి మూడు రోజులు ఆఫీసుకు రమ్మంటున్నారు కదా సార్, పసిపిల్లల తల్లులకు మినహాయింపు ఉంటుందా? క్యాబ్ ఇస్తారా?" జవాబు మూడు నిమిషాలు సాగింది. కలిసి పనిచేస్తే వచ్చే ఉత్సాహం గురించి చెప్పి, క్యాబులు ఉంటాయన్నారు, మిగతాది మేనేజర్లతో మాట్లాడుకోమన్నారు. వింటే జవాబు వచ్చినట్టే ఉంటుంది. కానీ అడిగినవి రెండు, తేలింది ఒకటి. బులెటిన్‌లో ఇలా రాయొచ్చు: "క్యాబ్ ఉంటుంది. మినహాయింపు ఉందో లేదో చెప్పలేదు. మేనేజర్‌ను అడగమన్నారు, నిర్ణయించే అధికారం మేనేజర్‌కు ఉందా అన్నది స్పష్టం చేయలేదు (41:20)." చివరి అంకె రికార్డింగులో ఆ మాట వచ్చే చోటు, అనుమానం ఉన్నవాళ్లు వెళ్లి వినొచ్చు. "దాటవేశారు" అని మాత్రం రాయకూడదు. అది మన ఊహ అవుతుంది.

"చెప్పలేదు" అని అచ్చువేసే ముందు మొదటి ప్రసంగం, చాట్ పెట్టె కూడా వెతకాలి. జవాబు అక్కడెక్కడో ఉండొచ్చు. యంత్రం రాసిపెట్టిన పాఠాన్నే నమ్ముకున్నా చిక్కే. ఫిఫ్టీన్‌ను ఫిఫ్టీగా, కాంట్‌ను కెన్‌గా వింటుంది. అంకెలూ, కాదన్న మాటలూ చెవితో వినే సరిచూసుకోవాలి.

కొన్నింటికి చెప్పకపోవడానికి న్యాయమైన కారణమే ఉంటుంది. స్టాక్ మార్కెట్లో నమోదైన కంపెనీ అయితే, ఫలితాలు ప్రకటించకముందు ఆ త్రైమాసికం లాభాల గురించి ఉద్యోగుల సభలో చెప్పేయడానికి సెబీ ఇన్‌సైడర్ ట్రేడింగ్ నిబంధనలు ఒప్పుకోవు. పెద్దలు ఆ కారణం చెబితే దాన్నీ రాయాలి. చెప్పకపోతే వాళ్ల తరఫున మనం కల్పించకూడదు.

ప్రతిని పంచేముందు ఒక రోజు గడువిచ్చి సంబంధిత అధికారికి చూపించడం మర్యాద. అప్పుడు జవాబు పంపితే "సభ తర్వాత తెలిపారు" అని వేరుగా వేయాలి, సభలోనే చెప్పినట్టు కలిపేయకూడదు. "తర్వాత చెబుతాం" అన్న ప్రశ్నలకు ఎవరు చెబుతామన్నారో, ఎప్పటికన్నారో రాసిపెట్టాలి. గడువు చెప్పకపోతే అదీ రాయాలి. వచ్చే బులెటిన్ మొదలయ్యేది ఆ జాబితాతోనే.