నడుము పట్టేశాక మళ్లీ బార్ దగ్గరికి

హైదరాబాద్‌లో ఆఫీసు ఉద్యోగం చేస్తూ మూడేళ్లుగా జిమ్‌కు వెళ్తున్న ముప్పై అయిదేళ్ల మనిషిని ఉదాహరణగా తీసుకుందాం. డెడ్‌లిఫ్ట్ 100 కిలోలు అయిదుసార్లు లేపుతాడు, స్క్వాట్ 80 కిలోలు. ఓ రోజు చివరి సెట్, నాలుగో రెప్. అప్పటికే అలసిపోయాడు. బార్ కాలిని ఒరుసుకుంటూ రావాల్సింది రెండంగుళాలు ముందుకు జరిగింది. నడుము కలుక్కుమంది. సాయంత్రానికి సాక్సులు తొడుక్కోవడానికి కూడా గోడ పట్టుకోవాల్సి వచ్చింది.

ఆ క్షణాన లోపల తెగింది కండరమా, పట్టేసింది కీలా, నొప్పి డిస్కుదా అన్నది అనుభవమున్న డాక్టరు కూడా చాలాసార్లు కచ్చితంగా చెప్పలేరు. చెప్పాల్సిన అవసరమూ చాలామందిలో ఉండదు. ఇలాంటి నడుంనొప్పి సాధారణంగా కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. మంచం దిగకుండా పడుకుంటే త్వరగా తగ్గుతుందన్న నమ్మకం మాత్రం నిలవలేదు. ఫిన్లాండ్‌లో హెల్సింకి నగర ఉద్యోగులు 186 మందిని మూడు గుంపులుగా విడదీసి చేసిన అధ్యయనం 1995లో వెలువడింది. ఒక గుంపుకు రెండు రోజుల మంచం, ఒక గుంపుకు నడుము వ్యాయామాలు, మూడో గుంపుకు ఓర్చుకోగలిగినంత మేరకు రోజువారీ పనులు. అందరికంటే బాగా కోలుకున్నది ఆ మూడో గుంపు.

మరో తొందరపాటు ఎమ్మారై. రిపోర్టులో 'డిస్క్ బల్జ్' అన్న మాట కనబడగానే బరువులకు శాశ్వతంగా సెలవు పెట్టేసేవాళ్లున్నారు. అసలు నొప్పే లేని వాళ్లను స్కాన్ చేసిన అధ్యయనాలను 2015లో ఒకచోట చేర్చి చూస్తే, ఇరవై ఏళ్ల వయసువాళ్లలోనే దాదాపు 30 శాతం మందికి డిస్కు ఉబ్బు కనబడింది. అంటే రిపోర్టులో ఉన్నదే నొప్పికి కారణమని అనుకోనక్కర్లేదు. స్కాన్ ఎప్పుడు తీయించాలో కింది గుర్తులు చెబుతాయి.

బార్ ముట్టుకునే ముందు వీటిని చూసుకోవాలి. మూత్రం ఆగిపోవడం, తెలియకుండా పోవడం, మలవిసర్జన మీద పట్టు తప్పడం, కూర్చున్నప్పుడు సీటుకు ఆనే భాగం, తొడల లోపలివైపు మొద్దుబారడం, రెండు కాళ్లూ బలహీనపడటం: వీటిలో ఏది కనబడినా తెల్లారేదాకా ఆగకూడదు, అదే రాత్రి ఆసుపత్రికి వెళ్లాలి. వెన్ను దిగువన నరాల కట్ట నొక్కుకుపోతే ఇలా అవుతుంది. ఆలస్యమైతే మూత్రం మీద పట్టు తిరిగి రాకపోవచ్చు. నడుస్తుంటే పాదం ముందుభాగం లేవక చెప్పు ఈడ్చుకుపోవడం కూడా ఆలస్యం చేయకూడని గుర్తే. జ్వరంతో కూడిన నొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం, పడుకున్నా తగ్గని రాత్రినొప్పి, గతంలో క్యాన్సర్, గట్టిగా కింద పడటం, చాలాకాలంగా స్టెరాయిడ్ మందులు వాడుతుండటం: వీటిలో ఏది ఉన్నా ముందు డాక్టరు, తర్వాతే ట్రైనరు.

కాల్లోకి పాకే నొప్పి సంగతి వేరు. అది పిక్కలో ఉండి, రోజులు గడిచేకొద్దీ తొడకు, అక్కణ్నుంచి నడుముకు వెనక్కి వస్తుంటే, నడుములో కాస్త ఎక్కువైనట్టు అనిపించినా మంచి సూచనే. అదే నొప్పి నడుము నుంచి పిరుదుకు, పిక్కకు, వేళ్లకు దిగుతుంటే బరువు పెంచే మాట పక్కన పెట్టి ఫిజియోను కలవాలి.

పై గుర్తులేవీ లేవు, మామూలు నొప్పే అనుకుందాం. మరి బార్ ఎప్పుడు? ఇన్ని రోజులని లెక్క కట్టడం కంటే నాలుగు పనులు చూడటం మేలు. అరగంట నడక, కుర్చీలోంచి చేతులు ఆన్చకుండా లేవడం, సాక్సులు తొడుక్కోవడం, చివరిది నడుము వంచకుండా తుంటి దగ్గర మడిచే కదలిక. ఈ చివరిదాన్ని చీపురు కర్రతో పరీక్షించొచ్చు. కర్రను వెన్ను మీద నిలువుగా పెట్టుకుంటే తల, వీపు, పిరుదుల పైభాగం మూడూ దాన్ని తాకాలి. మోకాళ్లు కొద్దిగా వంచి పిరుదుల్ని వెనక్కి తోస్తూ వంగాలి. ఏదో ఒకచోట కర్ర వదిలిందంటే నడుము గుండ్రమవుతోందని అర్థం. ఈ నాలుగూ పెద్ద నొప్పి లేకుండా అయిన రోజున మన మనిషి మళ్లీ జిమ్‌లో అడుగు పెట్టొచ్చు.

చాలామంది దెబ్బతినేది సరిగ్గా ఇక్కడే. తేలికగా మొదలుపెడదామని 20 కిలోల బార్‌కు అటూ ఇటూ చిన్న ఇనుప ప్లేట్లు తగిలించి నేల మీంచి లేపుతారు. పోటీ కొలతల పెద్ద ప్లేటు వ్యాసం 45 సెంటీమీటర్లు, కాబట్టి బార్ నేల నుంచి 22.5 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. మన జిమ్‌ల్లోని 5 కిలోల ఇనుప ప్లేటు వ్యాసం దాదాపు అందులో సగమే. అంటే బరువు తగ్గింది గానీ, బార్ కోసం అంతకుముందు ఎన్నడూ వంగనంత కిందికి వంగాల్సి వస్తోంది. దెబ్బతిన్న నడుముకు మొదట్లో బరువు కంటే ఆ లోతే ఎక్కువ కష్టం. కాబట్టి బార్‌ను చెక్కదిమ్మల మీదో, స్టెప్పర్ల మీదో, రాక్‌లోని అడ్డకడ్డీల మీదో మోకాలి చిప్పకు కాస్త దిగువన ఉండేలా నిలబెట్టి అక్కణ్నుంచి లేపాలి.

అతను అక్కడ 40 కిలోలతో మొదలుపెడతాడు. ఆరేసి రెప్‌ల మూడు సెట్లు, వారానికి రెండు రోజులు, మధ్యలో కనీసం రెండు రోజుల విరామం. ప్రతి సెట్ ముగిసేసరికి ఇంకో మూడు రెప్‌లు చేయగల సత్తువ మిగలాలి. రెండు వారాల్లో 50కి చేరాక ఎత్తును పిక్క మధ్యకు దింపి బరువును 45కి తగ్గిస్తాడు. అక్కణ్నుంచి మళ్లీ 60 దాకా. అయిదో వారం పెద్ద ప్లేట్లతో నేల మీంచి, బరువు మాత్రం 50. పెద్ద ప్లేట్లు తేలికవి దొరక్కపోతే చిన్నవాటి కింద మందపాటి రబ్బరు మ్యాట్లు పేర్చినా అదే ఎత్తు వస్తుంది. ఎత్తు, బరువు, రెప్‌ల సంఖ్య, ఈ మూడింటిలో ఒక్కటే ఒకసారి మారాలి. రెండు కలిపి మారిస్తే, మర్నాడు నొప్పి వచ్చినప్పుడు నేరం ఎవరిదో తేలదు.

పెంచాలా వద్దా అన్నది ఆ రోజు జిమ్‌లో తేలదు, మర్నాడు పొద్దున తేలుతుంది. నొప్పికి సున్నా నుంచి పది దాకా మార్కులు వేసుకోమని ఫిజియోలు అడుగుతుంటారు. లేపేటప్పుడు రెండో మూడో ఉంటే భయపడక్కర్లేదు, సెట్ సెట్‌కూ పెరగకపోతే చాలు. మర్నాడు వాష్‌బేసిన్ మీదికి వంగి ముఖం కడుక్కునేటప్పుడు ముందు రోజు ఉదయం ఎలా ఉందో అలాగే ఉంటే తర్వాతి సారి 5 కిలోలు పెంచొచ్చు. కాస్త ఎక్కువుంటే అదే బరువు మళ్లీ. బాగా ఎక్కువై రెండో రోజుకూ తగ్గకపోతే ఒక మెట్టు కిందికి. వ్యాయామం వల్ల వచ్చే కండరాల నొప్పి తేడాగా ఉంటుంది. అది నడుముకు రెండువైపులా, పిరుదుల్లో, తొడ వెనక మందంగా ఉండి, నాలుగడుగులు వేస్తే సడలుతుంది. ఒకవైపే పోటు, తుమ్మితే దగ్గితే జివ్వుమనడం ఆ కోవలోవి కావు.

పొద్దున్నే జిమ్‌కు వెళ్లేవాళ్లకు ఇంకో చిక్కుంది. రాత్రంతా పడుకున్నప్పుడు డిస్కులు నీటిని పీల్చుకుని ఉబ్బుతాయి. అందుకే పొద్దున లేవగానే మనిషి రాత్రికంటే కాస్త పొడవుగా ఉంటాడు. ఆ సమయంలో నడుము వంచితే డిస్కు మీద ఒత్తిడి ఎక్కువ. నడుంనొప్పి ఉన్నవాళ్లు లేచిన తొలి గంటల్లో వంగడం తగ్గిస్తే నొప్పి రోజులు తగ్గాయని 1998లో వచ్చిన ఓ అధ్యయనం చెప్పింది. అయిదున్నరకు లేచి ఆరింటికి డెడ్‌లిఫ్ట్ చేసే అలవాటున్నవారు ఈ కొన్ని వారాలూ దాన్ని సాయంత్రానికి మార్చుకోవడం మంచిది. కుదరకపోతే ముందు నడక, చేతుల వ్యాయామాలు కానిచ్చి డెడ్‌లిఫ్ట్‌ను చివరికి నెట్టాలి.

స్క్వాట్‌లో ఇంత తతంగం లేదు. 8 నుంచి 12 కిలోల డంబెల్‌ను ఛాతీకి ఆన్చి రెండు చేతులతో పట్టుకుని, బెంచీ మీద కూర్చుని లేస్తే సరిపోతుంది. బరువు ముందుంటుంది కాబట్టి నడుము తనంతట తానే నిటారుగా ఉంటుంది. దిగడానికి మూడు సెకన్లు. బెంచీ కంటే కిందికి దిగినప్పుడు చివర్లో తోక లోపలికి మడిచినట్టు నడుము గుండ్రమవుతుంటే అక్కడే లోతు ఆపేయాలి. పక్కనుంచి ఫోన్‌తో తీసిన వీడియోలో ఇది అద్దంలో కంటే బాగా కనబడుతుంది. డంబెల్‌తో వారం పది రోజులు సాఫీగా సాగాక 20 కిలోల బార్ భుజాల మీదికి. దాన్ని మెడ కింద ఎత్తుగా పెట్టుకోవాలి, కిందికి జార్చి పెట్టుకుంటే శరీరం ముందుకు వాలుతుంది. డెడ్‌లిఫ్ట్ పెంచిన రోజు స్క్వాట్ పెంచకూడదు.

బెల్టు గురించి ఒక్క మాట. కడుపు బిగించి తోయడానికి అది ఆనుడుగా పనికొస్తుంది, వెన్నుకు కాపలా కాయదు. ఈ తొలి వారాల్లో బెల్టు కావాల్సినంత బరువు బార్ మీద ఉందంటే, ఆ బరువే ఎక్కువని లెక్క.

పాత బరువుల మీద ఆశ పెద్ద చిక్కు. మీరాబాయి చాను 2018 ఏప్రిల్‌లో గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో మొత్తం 196 కిలోలు ఎత్తి స్వర్ణం గెలిచారు. అదే ఏడాది నడుంనొప్పితో ఆసియా క్రీడలకు దూరమయ్యారు. 2019 ఫిబ్రవరిలో థాయ్‌లాండ్ పోటీతో తిరిగొచ్చినప్పుడు ఎత్తింది 192. అక్కడా స్వర్ణమే గెలిచారు గానీ పాత అంకెను అందుకోలేదు. టోక్యోలో 202 కిలోలతో వెండి పతకం రావడానికి ఆ తర్వాత ఇంకా రెండేళ్లకు పైగా పట్టింది.

మన ఉదాహరణలోని ఉద్యోగి అన్నీ సవ్యంగా సాగితే ఎనిమిదో వారానికి 80 కిలోల దగ్గర ఉంటాడు. అక్కణ్నుంచి వారానికి రెండున్నర కిలోలే. అలా 100కు చేరేది పదహారో వారంలో. మధ్యలో ఏదో ఒకటి జరుగుతుంది: విజయవాడ దాకా కారు నడిపి వస్తాడు, మర్నాడు 85 లేపబోతే మొదటి రెప్‌లోనే నడుము బిగుసుకుంటుంది. అప్పుడు బార్ దింపేసి 70తో మూడు సెట్లు, నెమ్మదిగా. అదీ బాగోకపోతే ఆ రోజుకు నడక. వారం తర్వాత 80, ఆ పై వారం 82.5. పదహారు వారాలు పంతొమ్మిది అవుతాయి.