కేస్ మూసేసినా జవాబు వస్తోందా? అయితే ప్రశ్న మార్చాల్సిందే!

నర్సింగ్ పూర్తిచేసి, రాయడంపై ఆసక్తి ఉన్నవారికి పరీక్షల కోసం ప్రశ్నలు తయారుచేసే పని ఒక మంచి దారి. కోచింగ్ సంస్థలు, ఆన్‌లైన్ టెస్ట్ సిరీస్‌లు నడిపేవారు దీనికి నర్సులనే వెతుక్కుంటారు. అమెరికాలో రిజిస్టర్డ్ నర్సు కావాలంటే రాయాల్సిన ఎన్‌క్లెక్స్ 2023 ఏప్రిల్‌లో కొత్త రూపంలోకి మారింది. అందులో ఒక్కో కేస్‌పై ఆరు ప్రశ్నలుంటాయి. లక్షణాలను గుర్తించడం, వాటి అర్థం తెలుసుకోవడం, ఏది ముఖ్యమో తేల్చడం, మార్గాలు ఆలోచించడం, చేయడం, ఫలితం చూడటం... ఇలా నర్సు ఆలోచించే క్రమంలోనే అవి సాగుతాయి. మరి ఇలాంటి ప్రశ్న ఎలా రాయాలి? కాన్పు తర్వాతి రక్తస్రావాన్ని ఉదాహరణగా తీసుకుందాం.

చాలామంది మొదట ఇలా రాస్తారు: ‘26 ఏళ్ల మహిళకు కాన్పు తర్వాత అధిక రక్తస్రావం అవుతోంది. దీనికి అత్యంత సాధారణ కారణం ఏది?’ చూడటానికి కేస్‌లాగే ఉంటుంది. కానీ మొదటి వాక్యాన్ని చేత్తో మూసేసి, ‘కాన్పు తర్వాత రక్తస్రావానికి కారణం?’ అని అడిగినా గర్భాశయం సంకోచించకపోవడమే అని పుస్తకం బట్టీపట్టినవారు చెప్పేస్తారు. అంటే ఇది జ్ఞాపకశక్తికి పరీక్షే తప్ప నిర్ణయశక్తికి కాదు.

కనిపించిందే రాయాలి

ఇప్పుడు అదే కేస్‌ను మార్చి రాద్దాం. ‘సాధారణ కాన్పు అయి గంటయింది. బిడ్డ బరువు 4.1 కిలోలు. బాలింత ఇప్పుడే మూత్రవిసర్జన చేసింది. 15 నిమిషాల క్రితం మార్చిన ప్యాడ్ పూర్తిగా తడిసింది. గర్భాశయం మెత్తగా, బొడ్డుకు పైన, మధ్యలోనే ఉంది. నాడి 88 నుంచి 112కు పెరిగింది. రక్తపోటు 118/76 నుంచి 110/70కి వచ్చింది. కొద్దిగా వణుకుతోంది. నర్సు మొదట ఏం చేయాలి?’

తేడా గమనించారా? ‘అధిక రక్తస్రావం’ అనే మాట ఎక్కడా లేదు. ఆ మాట రాస్తే విద్యార్థి చేయాల్సిన ఆలోచన మనమే చేసిపెట్టినట్టు. రక్తపోటును 80/50 అని రాయకపోవడానికీ కారణముంది. రక్తం పోతున్నప్పుడు ముందుగా నాడి పెరుగుతుంది, రక్తపోటు పడిపోయేది ఆలస్యంగా. 80/50 చూస్తే ప్రమాదమని ఎవరైనా చెబుతారు. అంతకుముందే పసిగట్టగలరా అన్నదే ఇక్కడ అసలు పరీక్ష. ఇక వణుకు కాన్పు తర్వాత చాలామందిలో కనిపించేదే. ఏది పక్కన పెట్టాలో తెలుసా అని చూడటానికే దాన్ని చేర్చాం.

తప్పు ఆప్షన్‌కూ ఒక చోటు ఉండాలి

సరైన జవాబు: సాయానికి పిలుస్తూనే గర్భాశయాన్ని మసాజ్ చేయడం. మిగతా మూడు ఆప్షన్లు ఏవో నింపేస్తే సరిపోదు. వేరే పరిస్థితిలో ఒక్కోటీ సరైనదే కావాలి. ‘మూత్రాశయాన్ని ఖాళీ చేయించడం’ అన్నది గర్భాశయం ఒక పక్కకు జరిగినప్పుడు ఆలోచించాల్సినది. ‘జననమార్గంలో చీలిక ఉందేమో చూడటం’ గర్భాశయం గట్టిగానే ఉన్నా రక్తం ఆగనప్పుడు పనికొస్తుంది. ‘దుప్పటి కప్పి, 15 నిమిషాల తర్వాత మళ్లీ చూడటం’ వణుకు తప్ప మరే ఇబ్బందీ లేనప్పుడు సరిపోతుంది.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. ‘మెత్తగా, కుడివైపునకు జరిగి’ అని రాశారనుకోండి. మసాజా, మూత్రాశయమా అని వాదన మొదలవుతుంది. రెండింటికీ సమర్థన దొరుకుతుంది. అందుకే ‘ఇప్పుడే మూత్రవిసర్జన చేసింది’, ‘మధ్యలోనే ఉంది’ అన్న మాటలు చేర్చాం. అవి ఉంటేనే సరైన జవాబు ఒకటే మిగులుతుంది.

ఒక్క మాట మార్చి చూడండి

రాయడం అయ్యాక కేస్‌లో ‘మెత్తగా, బొడ్డుకు పైన’ తీసేసి ‘గట్టిగా, బొడ్డు దగ్గర’ అని పెట్టండి. జవాబు చీలిక వైపు మారిపోవాలి. మారకపోతే ఆ వివరాన్ని ప్రశ్న వాడుకోవడం లేదన్నమాట. తర్వాతి ప్రశ్నకూ దారి ఇక్కడే దొరుకుతుంది: ‘మసాజ్ చేశాక గర్భాశయం గట్టిపడింది, కానీ ఎర్రటి రక్తం ఆగకుండా కారుతూనే ఉంది. ఇప్పుడేం అనుమానించాలి?’

ప్రశ్నను విద్యార్థులతో రాయించాక కూడా ఒకసారి సరిచూడాలి. బాగా చదివేవారు తప్పు ఆప్షన్ ఎంచుకుని, మిగతావారు సరైనది పెట్టారంటే లోపం విద్యార్థుల్లో కన్నా ప్రశ్నలోనే ఉండే అవకాశం ఎక్కువ. కేస్‌లో ఏ వాక్యం రెండు రకాలుగా అర్థమవుతోందో వెతకండి.

ఈ పనికి దరఖాస్తు చేస్తుంటే వంద ప్రశ్నలు పంపనక్కర్లేదు. మీరు వార్డులో పనిచేసిన విభాగం నుంచి ఒక కేస్, దానిపై రెండు ప్రశ్నలు చాలు. రోగిని గుర్తుపట్టే వివరాలేవీ ఉండకూడదు. ప్రతి ఆప్షన్ కిందా అది ఎందుకు సరైనదో, ఎందుకు కాదో రెండేసి వాక్యాల్లో రాయండి. ‘ఇది తప్పు’ అని వదిలేయకుండా, ‘ఫలానా లక్షణం ఉంటే ఇదే సరైనది’ అని రాస్తే మీకు విషయం ఎంత తెలుసో పరిశీలించేవారికి అక్కడే అర్థమవుతుంది.